‘ట్రిపుల్ నెట్’ లీజు: అమెరికాలో దుకాణానికి బోర్డు మీద రాసిన కిరాయి వేరు, జేబులోంచి పోయేది వేరు

డాలస్, హ్యూస్టన్, షికాగో చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లలో చాలామంది కొన్నేళ్లు ఉద్యోగం చేశాక ఒక బిర్యానీ హోటలో, హలాల్ మాంసం దుకాణమో, కిరాణా కొట్టో పెట్టుకోవాలని చూస్తారు. ఇక్కడి నుంచి అన్నదమ్ములో, బావమరుదులో తలా కొంత డబ్బు కలుపుతారు. దుకాణం వెతకడం మొదలుపెట్టగానే ఆన్‌లైన్‌ ప్రకటనల్లో ఇలాంటి వరుస ఒకటి కనిపిస్తుంది:

`$24.00/SF/YR NNN`

మొదటి భాగం అందరికీ తొందరగానే అర్థమవుతుంది. చదరపు అడుగుకు ఏడాదికి 24 డాలర్లు. అక్కడ వ్యాపార స్థలాల కిరాయిని చాలా ఊళ్లలో నెలకు కాకుండా ఏడాదికి చెబుతారు, కాబట్టి పన్నెండుతో భాగించాలి. చిక్కంతా చివరి మూడు అక్షరాల్లో ఉంది. అవి ట్రిపుల్ నెట్‌కు గుర్తు. 24 డాలర్లు యజమాని చేతికి నికరంగా మిగలాలి, బిల్డింగ్ మీద పడే మూడు రకాల ఖర్చులు, అంటే ఆస్తి పన్ను, బీమా, నిర్వహణ, కిరాయిదారే విడిగా కట్టుకోవాలి అని దాని అర్థం.

మన దగ్గర మామూలు రోడ్డు మీది మడిగెలో కిరాయి ఇస్తాం, కరెంటు బిల్లు కడతాం, అంతే. ఆస్తి పన్ను యజమాని తిప్పలు. పైకప్పు కారితే ఆయన్నే పిలుస్తాం, ఆయన వస్తాడా రాడా అన్నది వేరే సంగతి. హైదరాబాద్ మాల్స్‌లో, పెద్ద ఆఫీసు బిల్డింగుల్లో మెయింటెనెన్స్ చార్జీ విడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేసినవాళ్లకు ఈ పద్ధతి కొంత తెలుసు. కానీ బిల్డింగ్ ఆస్తి పన్ను పెరిగితే ఆ పెరుగుదల నేరుగా మన ఖాతాలో పడటం మాత్రం చాలామందికి కొత్త. అమెరికాలోనూ ఖర్చులన్నీ కిరాయిలోనే కలిపేసే గ్రాస్ లీజు అనే పద్ధతి ఉంది, ఆఫీసుల్లో ఎక్కువ. రోడ్డు పక్కన వరుసగా ఎనిమిది పది షాపులుండి ముందు పార్కింగ్ ఉండే స్ట్రిప్ మాల్స్‌లో మాత్రం ఎక్కువగా దొరికేది ట్రిపుల్ నెట్టే.

ఇందులో మోసం ఏమీ లేదు. యజమాని వైపు నుంచి చూస్తే న్యాయంగానే ఉంటుంది. లీజు ఐదేళ్లో పదేళ్లో ఉంటుంది, అప్పటికి పన్ను ఎంతవుతుందో, బీమా కంపెనీ ఎంత అడుగుతుందో ఆయనకూ తెలియదు. ఆ తెలియని భారాన్ని తన నెత్తి మీది నుంచి మన నెత్తి మీదికి మారుస్తాడు. దానికి బదులు కిరాయి అంకె కొంచెం తక్కువగా కనిపిస్తుంది. మనం సంతకం పెట్టేది ఒక తెలిసిన అంకెకూ, మూడు తెలియని అంకెలకూ అన్నమాట. ఆ మూడింటికీ లీజులో ఎక్కడ గీత గీశారన్నదే అసలు ప్రశ్న.

నెల నెలా కట్టేది అంచనా మాత్రమే

ఒక లెక్క వేసుకుందాం. నిజామాబాద్ నుంచి వెళ్లిన ఇద్దరు అన్నదమ్ములు డాలస్ శివారులో బిర్యానీ హోటల్ కోసం 1,800 చదరపు అడుగుల షాపు తీసుకున్నారనుకోండి. ఇది మనం ఊహించుకున్న కుటుంబమే, కానీ అంకెలు అక్కడ మామూలుగా వినిపించే స్థాయిలోనే పెట్టాం. స్ట్రిప్ మాల్ మొత్తం 18,000 చదరపు అడుగులు. కాబట్టి వీళ్ల వాటా పదో వంతు.

అసలు కిరాయి, అంటే బేస్ రెంట్, 24 డాలర్ల చొప్పున ఏడాదికి 43,200 డాలర్లు, నెలకు 3,600. ఇది ఏటా ఎంత పెరగాలో లీజులోనే పట్టీ వేసి ఉంటుంది, కాబట్టి దీనితో ఆశ్చర్యం ఉండదు. దీనిపైన మూడు ఖర్చులకు కలిపి చదరపు అడుగుకు 9 డాలర్లు అవుతాయని ఏజెంటు చెప్పాడు. అందులో ఆస్తి పన్ను నాలుగున్నర, బీమా ఒక డాలరు, నిర్వహణ మూడున్నర. అంటే నెలకు ఇంకో 1,350. మొత్తం 4,950 డాలర్లు. ‘నెలకు ఐదు వేలు అనుకో తమ్ముడూ’ అని పెద్దన్న హిసాబ్ తేల్చేశాడు. ఆ ఐదు వేల మీదే బిర్యానీ ప్లేటు ధర, పనివాళ్ల జీతాలు, ఇంటికి పంపే డబ్బు అన్నీ లెక్కగట్టుకున్నారు.

కానీ ఆ 9 డాలర్లు ధర కాదు, అంచనా. ఏడాది పొడవునా అంచనా ప్రకారం కట్టించుకుంటారు. ఏడాది ముగిశాక యజమాని తరఫు మేనేజరు నిజంగా ఎంత ఖర్చయిందో లెక్క తీసి, తక్కువ కట్టి ఉంటే తేడా కట్టమని, ఎక్కువ కట్టి ఉంటే జమ చేస్తామని కాగితం పంపుతాడు. దీన్ని రికన్సిలియేషన్ అంటారు, మన మాటలో లెక్క తేల్చడం. ఇది సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. ట్రిపుల్ నెట్ గురించి తెలుసుకోవాల్సిన విషయాల్లో సగానికి పైగా ఈ ఒక్క కాగితంలోనే ఉంటాయి.

మన అన్నదమ్ముల మొదటి ఏడాది లెక్క ఇలా వచ్చిందనుకోండి. బిల్డింగ్ అంతకుముందే చేతులు మారింది. పాత విలువ 36 లక్షల డాలర్లు. మొత్తం పన్ను రేటు నూటికి రెండుంపావు అనుకుంటే పన్ను 81,000. కొత్తగా విలువ కట్టినప్పుడు అది 48 లక్షలైంది, పన్ను 1,08,000కు చేరింది. టెక్సాస్‌లో వడగళ్ల వానల దెబ్బకు పైకప్పుల క్లెయిములు ఎక్కువ, బీమా కంపెనీలు ధర పెంచుతూనే ఉంటాయి. ఇక్కడా 18,000 ఉన్న బీమా 27,000 అయింది. నిర్వహణ ఖర్చు ఎప్పటిలాగే 63,000. కానీ కొత్త యజమాని పార్కింగ్ స్థలం మొత్తం మీద కొత్త తారు పొర వేయించాడు, దానికి 36,000. అన్నీ కలిపితే 2,34,000 డాలర్లు. అందులో పదో వంతు 23,400. అన్నదమ్ములు ఏడాదంతా కట్టింది 16,200.

తేడా 7,200 డాలర్లు, ముప్పై రోజుల్లో కట్టాలని కాగితం. అంతటితో అయిపోదు. నిరుటి ఖర్చునే ఈ ఏటి అంచనాగా తీసుకుని నెల నెలా కట్టేది 1,350 నుంచి 1,950కి పెంచుతారు. ఐదు వేలనుకున్న కిరాయి 5,550 అయింది. దుకాణం అదే, గిరాకీ అదే.

ఇప్పుడు ఈ 7,200లో నిజంగా కట్టాల్సింది ఎంత, అడగాల్సింది ఎంత? ఒక్కో ఖర్చును విప్పి చూద్దాం.

పన్ను: ఎవరైనా సరిచూసుకోగలిగిన అంకె

మూడింట్లో పన్నే సాధారణంగా పెద్దది. అదే అన్నిటికంటే సులువుగా సరిచూసుకోగలిగినదీ. అమెరికాలో ఆస్తి విలువ, దాని మీద పన్ను బహిరంగ రికార్డు. టెక్సాస్‌లో ప్రతి కౌంటీకి ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది. దాని వెబ్‌సైటులో బిల్డింగ్ చిరునామా కొడితే ఈ ఏటి విలువ, గత సంవత్సరాల విలువలు కనిపిస్తాయి. అంటే లీజు మీద సంతకం పెట్టక ముందే ఐదేళ్లలో విలువ ఎలా నడిచిందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఏజెంటు చెప్పిన నాలుగున్నర డాలర్లు ఏ ఏడాది బిల్లు నుంచి తీశాడో అక్కడే తేలిపోతుంది.

ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినది కొత్తగా కట్టిన బిల్డింగ్. టెక్సాస్‌లో విలువను జనవరి 1 నాటి స్థితిని బట్టి కడతారు. ఆ రోజుకు గోడలు సగమే లేచి ఉంటే ఆ ఏడాది పన్ను తక్కువగా ఉంటుంది. ఆ తక్కువ పన్ను ఆధారంగా అంచనా చెబితే వినడానికి బాగుంటుంది. మరుసటి ఏడాది పూర్తి బిల్డింగ్ మీద పన్ను పడుతుంది. మెరిసే కొత్త షాపులో నిర్వహణ ఖర్చు తక్కువే కదా అని వెళ్లినవాళ్లు ఈ దెబ్బ తింటారు.

అమ్మకం కూడా అలాంటిదే. కాలిఫోర్నియాలో అయితే ఇది ఇంకా తీవ్రం. అక్కడ 1978లో వచ్చిన ప్రాపొజిషన్ 13 వల్ల పన్ను విలువ ఏడాదికి నూటికి రెండు కంటే ఎక్కువ పెరగదు, కానీ బిల్డింగ్ చేతులు మారితే మార్కెట్ విలువకు ఒక్కసారిగా లెక్కగడతారు. ముప్పై ఏళ్లు ఒకే యజమాని చేతిలో ఉన్న బిల్డింగ్ అమ్ముడైతే పన్ను ఎన్నో రెట్లు కావచ్చు. అందుకే అక్కడి వకీళ్లు ‘లీజు మొదటి కొన్నేళ్లలో బిల్డింగ్ అమ్మితే, దానివల్ల పెరిగిన పన్ను కిరాయిదారు మీద వేయకూడదు’ అనే షరతు అడుగుతారు. దొరుకుతుందా అన్నది మీ బేరం బలాన్ని బట్టి ఉంటుంది.

షికాగో వాళ్లకు ఇంకో చిక్కు. ఇలినాయ్‌లో ఒక ఏడాది పన్ను బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. మీరు కొత్తగా చేరిన ఏడాది వచ్చే బిల్లు మీకంటే ముందున్న దుకాణం కాలానిది కావచ్చు. మీరు ఖాళీ చేసి వెళ్లాక మీ కాలం బిల్లు వెంట రావచ్చు. ఏ ఏడాదికి చెందిన పన్ను, ఏ ఏడాదిలో కట్టే పన్ను అన్నది లీజులో స్పష్టంగా ఉండాలి.

మళ్లీ మన అన్నదమ్ముల దగ్గరికి వస్తే, 1,08,000 పన్ను కౌంటీ రికార్డులో కనిపిస్తుంటే ఆ అంకె నిజమే. దానితో పోట్లాడి లాభం లేదు. కానీ 48 లక్షల విలువతో పోట్లాడవచ్చు, అదీ సకాలంలో. విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం చెప్పడానికి టెక్సాస్‌లో సాధారణ గడువు మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది. పన్ను మొత్తం కిరాయిదార్ల మీదికే పోతుంటే యజమానికి ఆ పని మీద ఆసక్తి ఉండకపోవచ్చు. టెక్సాస్ చట్టం దీన్ని గమనించింది. లీజు ప్రకారం పన్ను భరించే కిరాయిదారు, యజమాని అభ్యంతరం వేయకపోతే తానే వేయవచ్చు. విలువ నోటీసు కాపీని యజమాని పది రోజుల్లో కిరాయిదారుకు పంపాలి కూడా. అయితే ఈ నోటీసు హక్కును వదులుకుంటున్నట్టు లీజులో ఒక వాక్యం పెట్టడం మామూలు. ఆ వాక్యం ఉందేమో సంతకానికి ముందు వెతకండి.

బీమా: మనం కట్టినా మనల్ని కాపాడదు

బీమా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఒక్క అపోహ తప్ప. ‘ప్రతి నెలా బీమా కడుతున్నాం కదా, అగ్ని ప్రమాదం జరిగితే వస్తుంది’ అని కొందరు అనుకుంటారు. మనం వాటా కట్టేది యజమాని బిల్డింగ్ బీమాకు. మన దమ్ బిర్యానీ బట్టీలు, ఫ్రీజరు, సరుకు, జారిపడ్డ కస్టమరు వేసే కేసు ఇవేవీ అందులోకి రావు. వాటికి మన బీమా మనం విడిగా తీసుకోవాలి, అందులో యజమాని పేరును కూడా చేర్చమని లీజు అడుగుతుంది. అంటే బీమా ఖర్చు రెండుసార్లు ఉంటుంది. వ్యాపారం లెక్క వేసేటప్పుడు రెండోదాన్ని మరిచిపోవద్దు.

నిర్వహణ: అసలు కథ ఇక్కడే

పన్నుకు కౌంటీ బిల్లు ఉంది, బీమాకు పాలసీ ఉంది. నిర్వహణకు మాత్రం లీజులో రాసుకున్న నిర్వచనం తప్ప వేరే కొలత లేదు. పార్కింగ్ ఊడ్చడం, లైట్లు, చెట్లు, చెత్త, బయటి నీళ్లు, సెక్యూరిటీ, మేనేజరు ఫీజు, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. లీజులో ‘బిల్డింగుకు సంబంధించిన అన్ని ఖర్చులూ, వీటికే పరిమితం కాకుండా’ అన్నట్టు రాసి ఉంటే సంచీకి అడుగు లేనట్టే.

36,000 డాలర్ల తారు పొరను చూడండి. గుంతలు పూడ్చడం నిర్వహణ. పార్కింగ్ మొత్తం కొత్తగా వేయించడం పదేళ్లు నిలిచే పెట్టుబడి, దానివల్ల బిల్డింగ్ విలువ కూడా పెరుగుతుంది. ఒక్క ఏడాదిలో ఆ ఖర్చంతా అప్పుడున్న కిరాయిదార్ల మీద వేయడం సరికాదని వాదించవచ్చు. కానీ వాదన లీజులో ఉండాలి. ‘పెద్ద పెట్టుబడి ఖర్చులను వాటి ఆయుష్షు మీద పంచి, ఏడాది వంతు మాత్రమే వసూలు చేయాలి’ అని రాసుకుని ఉంటే 36,000కు బదులు ఆ ఏడాదికి 3,600 మాత్రమే లెక్కలోకి వస్తుంది. అప్పుడు మొత్తం ఖర్చు 2,01,600, అన్నదమ్ముల వాటా 20,160, కట్టాల్సిన తేడా 7,200 కాదు, 3,960. ఒక్క వాక్యం విలువ 3,240 డాలర్లు.

రెండో దారి పైకప్పు, అంటే క్యాప్. నిర్వహణ ఖర్చు ఏడాదికి నూటికి ఐదు కంటే ఎక్కువ పెరగకూడదని అడగవచ్చు. పన్ను, బీమా యజమాని చేతిలో లేనివి కాబట్టి వాటికి క్యాప్ ఇవ్వరు, మిగతా వాటికి ఇస్తారు. ఇచ్చేటప్పుడు లెక్క పద్ధతి చూసుకోవాలి. ఈ ఏడాది వాడుకోని పెరుగుదలను వచ్చే ఏళ్లలో కలిపి వేసుకునే పద్ధతి ఒకటి ఉంది. అది రాస్తే మూడు నాలుగేళ్ల తర్వాత క్యాప్ ఉన్నా లేనట్టే.

మేనేజ్‌మెంట్ ఫీజు ఇంకోటి. ఫీజు ఉండటం తప్పు కాదు, ఎవరో ఒకరు ఆ పని చూసుకోవాలి కదా. ఏ మొత్తం మీద వేస్తున్నారన్నదే చూడాలి. నిర్వహణ ఖర్చు మీద నూటికి పది అని రాస్తే ఒక లెక్క. ‘మొత్తం ఖర్చుల మీద’ అని రాస్తే పన్ను మీద కూడా పది శాతం పడుతుంది. 1,08,000 పన్ను మీద అది 10,800, అన్నదమ్ముల వాటా 1,080. కౌంటీకి ఒక చెక్కు పంపినందుకు!

వాటాలో కింది అంకె

వాటా ఎలా లెక్కగడతారో చాలామంది చూడరు. మన షాపు 1,800 అడుగులు, దాన్ని దేనితో భాగిస్తున్నారు? మొత్తం బిల్డింగ్ 18,000తో భాగిస్తే పదో వంతు. కానీ కొన్ని లీజుల్లో ‘కిరాయికి పోయిన విస్తీర్ణం’తో భాగించాలని ఉంటుంది. మూల మీద 3,000 అడుగుల షాపు ఖాళీగా ఉందనుకోండి. అప్పుడు భాగించేది 15,000తో, వాటా నూటికి పన్నెండు అవుతుంది. పై లెక్కలో 2,34,000కు అది 28,080 డాలర్లు. ఒక మాట తేడాకు ఏడాదికి 4,680 ఎక్కువ. పక్క దుకాణం మూతపడితే మనకు గిరాకీ తగ్గుతుంది, పైగా వాళ్ల వంతు ఖర్చూ మన మీద పడుతుంది. ‘కిరాయికి ఇవ్వదగిన మొత్తం విస్తీర్ణం’ అనే మాట కోసం పట్టుబట్టండి. ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వనివాళ్ల బిల్డింగులో ఖాళీ షాపులు ఎన్ని ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి.

ఏసీ మిషన్ ఎవరిది?

హోటల్ పెట్టేవాళ్లకు ఇది విడిగా చెప్పాలి. స్ట్రిప్ మాల్స్‌లో ప్రతి షాపుకూ పైకప్పు మీద విడిగా ఏసీ యూనిట్ ఉంటుంది. దాని మరమ్మతే కాదు, చెడిపోతే కొత్తది పెట్టించడం కూడా కిరాయిదారుదే అని చాలా ట్రిపుల్ నెట్ లీజుల్లో ఉంటుంది. ఇది పై 9 డాలర్లలో లేదు. టెక్సాస్ ఎండలో, వంటగది వేడిలో పాత యూనిట్ మొదటి వేసవికే చేతులెత్తేస్తే కొత్తదానికి వేల డాలర్లు పెట్టాలి. లీజు ముగిశాక అది యజమానికే మిగులుతుంది. కాబట్టి సంతకానికి ముందు ఏసీ మెకానిక్‌ను పైకి ఎక్కించి యూనిట్ మీది పలక ఫోటో తీయించండి, తయారైన ఏడాది దాన్నిబట్టి తెలుస్తుంది. పదిహేనేళ్లు దాటినదైతే మార్పిడి ఖర్చు యజమాని భరించాలని, లేదా మన వంతుకు ఏడాదికి ఇంత అని హద్దు పెట్టాలని అడగవచ్చు. పైకప్పు, గోడలు, పునాది యజమానివే అని కూడా రాయించుకోండి. అవి కూడా కిరాయిదారు మీద వేసే లీజులు ఉన్నాయి, వాటిని అబ్సొల్యూట్ నెట్ అంటారు. పెద్ద కంపెనీలు ఒంటరి బిల్డింగ్ మొత్తం తీసుకునేటప్పుడు చేసుకునే ఏర్పాటు అది, అన్నదమ్ముల హోటలుకు కాదు.

నడుస్తున్న దుకాణం కొంటే

మనవాళ్లలో ఎక్కువ వ్యాపారాలు చేతులు మారుతూ వస్తాయి. ‘భాయ్, నేను ఇండియా వెళ్లిపోతున్నా, సామానుతో సహా తీసుకో’ అని తెలిసినవాళ్లే ఇస్తారు. పేరు, వంటవాడు, గిరాకీతో పాటు లీజు కూడా మన పేరుకు మారుతుంది. ఆగస్టులో కొన్నారనుకోండి, వచ్చే ఏప్రిల్‌లో వచ్చే లెక్క జనవరి నుంచి ఉంటుంది. అప్పుడు మొదటి ఏడు నెలల తేడా ఎవరు కట్టాలి? యజమానికి అమ్మినవాడితో పని లేదు, లీజు ఎవరి పేరున ఉందో వాళ్లనే అడుగుతాడు. దోస్తీ పాడయ్యేది ఇక్కడే. కొనుగోలు కాగితంలోనే ‘ఫలానా తేదీ వరకు తేడా అమ్మినవారిది’ అని రాసుకుని, ఆ లెక్క తేలేదాకా కొంత సొమ్ము వకీలు దగ్గర ఉంచడం మంచిది. అలాగే లీజు బదలాయింపుకు ముందు, బాకీలు ఏమీ లేవని యజమాని నుంచి సంతకంతో కాగితం అడగండి. దీన్ని అక్కడ ఎస్టాపెల్ సర్టిఫికెట్ అంటారు.

ఇంకో సంగతి. ఈ మూడు ఖర్చులను లీజు ‘అదనపు కిరాయి’ అని పిలుస్తుంది. పేరులో ఏముంది అనుకోవద్దు. కిరాయి అని పేరు పెట్టాక అది కట్టకపోవడం కిరాయి కట్టకపోవడమే అవుతుంది. టెక్సాస్‌లో కిరాయి బాకీ పడ్డ వ్యాపార స్థలానికి, తలుపు మీద నోటీసు అంటించి తాళం మార్చే హక్కు యజమానికి చట్టంలోనే ఉంది. కంపెనీ పేరున లీజు తీసుకున్నా, అన్నదమ్ములిద్దరూ వ్యక్తిగత జమానత్ సంతకం పెట్టి ఉంటే ఈ 7,200 కూడా ఆ జమానత్ కిందికే వస్తుంది. తేడా మీద అభ్యంతరం ఉన్నా, డబ్బు ఆపేయకుండా ‘అభ్యంతరంతో కడుతున్నాం’ అని రాతపూర్వకంగా చెప్పి కట్టి, ఆ తర్వాత లెక్క అడగమని వకీళ్లు సలహా ఇచ్చేది అందుకే.

ఏమేం అడగాలి, ఎప్పుడు

సంతకానికి ముందు అడగాల్సింది ఏజెంటు చెప్పే అంచనా కాదు, గత మూడేళ్ల రికన్సిలియేషన్ కాగితాలు. మూడేళ్లూ అంచనా ఎంత, అసలు ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే ఆ యజమాని లెక్క ఎలాంటిదో తెలిసిపోతుంది. ప్రతి ఏడాదీ అసలు ఖర్చు అంచనాను దాటుతుంటే అంచనా కావాలనే తక్కువ చెబుతున్నారని అర్థం. కాగితాలు ఇవ్వడానికి వెనకాడితే అదీ ఒక జవాబే.

లెక్క వచ్చాక రసీదులు చూసే హక్కు మనకు ఉండాలి, అది లీజులో రాసి ఉండాలి. చాలా లీజుల్లో కాగితం అందిన 30, 60, 90 రోజుల్లోగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని ఉంటుంది. అందుకే ఆ కవరు వచ్చిన తేదీని దాని మీదే రాసిపెట్టుకోండి. పన్ను బిల్లు కౌంటీ సైటుతో సరిపోతోందా, వాటా శాతం లీజులోని శాతమేనా, నిర్వహణ జాబితాలో నిరుడు లేని వరుస ఏదైనా కొత్తగా వచ్చిందా అని చూడటానికి ఒక సాయంత్రం చాలు. మన అన్నదమ్ములు చూస్తే ఆ కొత్త వరుస తారు పొరదే అయ్యేది.

టెక్సాస్ కిరాయిదార్లకు ఇంకో ఆధారం ఉంది. అక్కడి ప్రాపర్టీ కోడ్‌లోని 93.012 సెక్షన్ ప్రకారం, కిరాయి, షాపుకు చేసిన నష్టం తప్ప వేరే ఏ చార్జీ వేయాలన్నా ఆ మొత్తమో, దాన్ని లెక్కగట్టే పద్ధతో లీజులో రాసి ఉండాలి. లీజులో ఊసే లేని ఫీజు ఒకటి బిల్లులో కనిపిస్తే ఈ సెక్షన్ పేరు చెప్పి అడగవచ్చు. దీన్ని కూడా వదులుకుంటున్నట్టు లీజు వెనక పేజీల్లో ఒక వాక్యం ఉండే అవకాశం ఎక్కువ. లీజు నలభై, యాభై పేజీలుంటుంది, వ్యాపార లీజులు చూసే వకీలుకు చదవడానికి ఇస్తే ఫీజు తీసుకుంటాడు. పై లెక్కలో తారు పొర ఒక్కదాని తేడా 3,240 డాలర్లని గుర్తుంచుకుని ఆ ఫీజు ఎక్కువో తక్కువో చూసుకోండి.

ఇక బేరానికి కూర్చునే రోజు ప్రకటనలోని 24ను అడగవద్దు. ‘నిరుడు ఇదే షాపుకు అన్నీ కలిపి చదరపు అడుగుకు ఎంత పడింది?’ అని అడగండి. మన లెక్కలో మొదటి ఏడాది జవాబు 33 కాదు, 37.